నా ఫొటోతో కొత్త నంబర్ నుంచి మెసేజ్ వస్తే నమ్మకండి, అది నేను కాదు

అందరికీ నమస్తే. నేను శ్రీనివాస్‌ను, హన్మకొండ నయీంనగర్. పొద్దటి నుంచి ఎవరో నా ఫొటో డీపీగా పెట్టుకొని, నా పేరుతోనే మనోళ్లకు వాట్సాప్‌ల మెసేజ్‌లు పెడుతున్నరు. ఆ నంబర్ చివర 6138. నేను నంబర్ మార్చలేదు. మీ ఫోన్ల ముందు నుంచి ఉన్నదే నా నంబర్, ఇది కూడా దాని నుంచే పంపుతున్న. నా వాట్సాప్ హ్యాక్ కాలేదు, ఫొటో, పేరు మాత్రమే వాడుకుంటున్నరు.

వాళ్లు పెడుతున్నది ఇట్లుంది: "పాత ఫోన్ నీళ్లల్ల పడ్డది, ఇది కొత్త నంబర్, సేవ్ చేసుకో." కాసేపు బాగోగులు అడుగుతరు. ఆ తర్వాత "దోస్తును ఎంజీఎంల అడ్మిట్ చేసినం, నా ఫోన్‌పే పనిచేస్తలేదు, ఈ స్కానర్‌కు 15,000 కొట్టు, రాత్రికి ఇస్త" అంటరు. స్కాన్ చేస్తే వేరే పేరు కనిపిస్తది. ఫోన్ చేస్తే ఎత్తరు.

దయచేసి రూపాయి కూడా పంపకండి. అనుమానం వస్తే నా పాత నంబర్‌కు మామూలు కాల్ చేయండి. చాట్‌ల "మీ కొడుకు పేరేంది" లాంటివి అడిగి తేల్చుకోవద్దు, అవన్నీ ఫేస్‌బుక్‌ల దొరుకుతయి.

"నీకు పొరపాటున ఒక కోడ్ వచ్చింది, పంపు" అన్నా ఇవ్వకండి. ఆ 6 అంకెలు మీ వాట్సాప్‌వే. ఇస్తే మీ ఖాతా వాళ్ల చేతికి పోతది, అప్పుడు మీ అసలు నంబర్ నుంచే మీ చుట్టాలను పైసలు అడుగుతరు. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అప్పుడు నంబర్ చూసి కూడా ఎవరూ గుర్తుపట్టలేరు.

మెసేజ్ వచ్చినోళ్లు ముందు నంబర్ కనపడేటట్టు స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపండి. తర్వాత చాట్ పైన ఉన్న పేరు నొక్కి, కింది దాకా పోయి రిపోర్ట్, బ్లాక్ చేయండి. రిపోర్ట్ చేసేటప్పుడు చాట్ డిలీట్ అయ్యే అవకాశం ఉంది, అందుకే స్క్రీన్‌షాట్ ముందు.

ఎవరన్నా ఇప్పటికే పంపి ఉంటే మొహమాటపడకండి, నాకోసమే పంపిన్రని నాకు తెలుసు. రేపటిదాకా ఆగకుండా ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పైసలు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు గంటల్లనే మారిపోతయి, విత్‌డ్రా కాకముందు చెప్తేనే బ్యాంకులు ఆపగలుగుతయి. పేమెంట్ వివరాల్ల ఉండే 12 అంకెల యూటీఆర్ నంబర్, పంపిన టైము, ఎంత పంపిన్రో దగ్గర పెట్టుకోండి. మీ బ్యాంకుకు కూడా చెప్పండి. ఆన్‌లైన్ల ఫిర్యాదు cybercrime.gov.in ల చేయొచ్చు. నేను కూడా ఫిర్యాదు ఇచ్చిన.

ఇంట్ల అమ్మ, బాపు, పెద్దమ్మలకు ఇది ఫార్వర్డ్ చేసి ఊకోకండి, ఫోన్ చేసి నోటితో చెప్పండి. ఈ నంబర్ బ్లాక్ అయితే ఇంకో నంబర్ నుంచి మొదలుపెడతరు, అప్పుడూ ఇదే లెక్క: పాత నంబర్‌కు కాల్ చేసి, నా గొంతు విన్నంకనే నమ్మండి.

– శ్రీనివాస్