అన్నం తగ్గించి, ఖర్చు పెరగకుండా: ఇద్దరికి వారం వంట పట్టిక

చెల్లీ,

డాక్టరు పిండిపదార్థాలు తగ్గించమన్న దగ్గర్నుంచి మరిదిగారికి రోజూ పనీరే వండుతున్నావట, సరుకుల ఖర్చు చూస్తే గుండె గుభేలుమంటోందన్నావు. రేపు సోమవారం నుంచి మీ ఇద్దరికీ సరిపడా వారం రాశాను. పనీరు రెండు పూటలే. మిగతా బలమంతా పప్పుధాన్యాలది.

పట్టిక కంటే ముందు ఒకటి మనసులో పెట్టుకో. పప్పులోనూ పిండిపదార్థం ఉంది. 100 గ్రాముల ఎండు పెసల్లో మాంసకృత్తులు 24 గ్రాముల దాకా ఉంటే, పీచుతో కలిపి పిండిపదార్థాలు 60 దాటుతాయి. కాబట్టి పప్పు అన్నంలోకి కాదు, అన్నం బదులు. గట్టిగా వండి, గిన్నెలో వేసుకుని చెంచాతో తినండి. పక్కన కూర మామూలుగా తినేదానికి రెండింతలు ఉండాలి. అన్నం మధ్యాహ్నం ఒక్కపూటే, వండింది తూచి మనిషికి 100 గ్రాములు. ఇలా అయితే మనిషికి రోజుకు పిండిపదార్థాలు 120 గ్రాములకు అటూ ఇటూగా ఉంటాయి. మరిదిగారు షుగరు మాత్రలు వేసుకుంటున్నారు కదా, అన్నం తగ్గిస్తున్నామని డాక్టరుకు ముందే చెప్పండి. మోతాదు మార్చకపోతే షుగరు మరీ పడిపోవచ్చు.

సోమవారం: పొద్దున పెసరట్టు, బియ్యం కలపకుండా, ఇద్దరికీ 120 గ్రాముల పెసలు. అల్లం పచ్చడిలో బెల్లం వద్దు. మధ్యాహ్నం పాలకూర పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు. రాత్రి కాలీఫ్లవర్, సోయా ముక్కల కూర.

మంగళవారం: నానబెట్టిన నల్ల శనగల గుగ్గిళ్లు, మజ్జిగ. సొరకాయ శనగపప్పు కూర, బీరకాయ తొక్కు పచ్చడి. రాత్రి క్యాబేజీ వేపుడులో దండిగా పల్లీల పొడి.

బుధవారం: ఒట్టి మినపప్పుతో అట్టు. తోటకూర పప్పు, వంకాయ కూర. రాత్రి పాలకూర పనీరు.

గురువారం: మళ్లీ పెసరట్టు. క్యాబేజీ పెసరపప్పు, దొండకాయ. రాత్రి టమాటాలో సోయా ముక్కలు.

శుక్రవారం: గుగ్గిళ్లు. దోసకాయ పప్పు, కాకరకాయ వేపుడు. రాత్రి రాజ్మా 60 గ్రాములే, బీన్స్ ఎక్కువ వేసి. రాజ్మా రాత్రంతా నానాలి, ఆ నీళ్లు పారబోసి బాగా మరిగించి ఉడికించాలి. సగం ఉడికింది తింటే కడుపు పాడవుతుంది.

శనివారం: ఉల్లిపాయ, కొత్తిమీర వేసిన శనగపిండి అట్టు. పొట్లకాయ పెసరపప్పు. రాత్రి కూరగాయల సూపు, వేయించిన పల్లీలు గుప్పెడు.

ఆదివారం: మినపట్టు. మధ్యాహ్నం క్యాప్సికమ్ పనీరు. రాత్రికి బుట్టలో మిగిలిన కూరగాయలన్నీ పెసరపప్పుతో కలిపి పలచగా వండెయ్.

కొనాల్సినవి: పెసలు పావుకిలో, నల్ల శనగలు 160 గ్రాములు, కందిపప్పు, పెసరపప్పు 180 చొప్పున, మినపప్పు 200, సోయా ముక్కలు 120, శనగపిండి 100, శనగపప్పు, రాజ్మా 60 చొప్పున, పల్లీలు పావుకిలో. కూరగాయలు, ఆకుకూరలు కలిపి ఆరు కిలోలు. నేను రాసిన కూరగాయే కావాలని పట్టుబట్టకు. ఆ వారం ఏది విరివిగా, చవగ్గా వస్తే అదే వండు. బంగాళాదుంప, చామదుంప, కంద, అరటికాయ మాత్రం పక్కన పెట్టు.

సోయా ముక్కల్ని చిన్నచూపు చూడకు. ఎండువి 100 గ్రాముల్లో మాంసకృత్తులు 50 గ్రాముల పైమాటే. పనీరులో 18, 20 మధ్య. వేడినీళ్లలో నానబెట్టి, రెండుసార్లు గట్టిగా పిండితే ఆ వాసన పోతుంది.

పనీరు ఇంట్లోనే చేసుకో. లీటరు వెన్న తీయని పాలు మరిగాక మంట తగ్గించి, నిమ్మరసం కొంచెం కొంచెంగా పొయ్యి. నీరు పచ్చగా విడిపోగానే పొయ్యి ఆపెయ్, ఇంకా మరిగితే పనీరు రబ్బరులా గట్టిపడుతుంది. గుడ్డలో వడకట్టి బరువు పెడితే 200 గ్రాముల దాకా వస్తుంది, మీ ఇద్దరికీ ఒకపూటకు చాలు. ఆ నీళ్లు పారబోయకు, చారులో పొయ్యి. పప్పులో పోస్తే మాత్రం అది మెత్తగా ఉడికాకే, ముందే పోస్తే పులుపుకు పప్పు ఉడకదు.

గ్రేవీకి జీడిపప్పు బదులు నువ్వులో పల్లీలో నూరు. బాదం పిండి, 'లో కార్బ్' అని రాసిన బిస్కెట్లు, ఆటా పొట్లాలు ఈ ఇంటికి అక్కర్లేదు. ఖర్చు నిజంగా పెరిగేది వాటివల్లే.

ఈ రాత్రి పెసలు నానబెట్టు. గుగ్గిళ్ల శనగలు మంగళవారానికి, శుక్రవారానికి కలిపి ఒకేసారి ఉడికించి, సగం డబ్బాలో పెట్టి డీప్ ఫ్రిజ్‌లో ఉంచు, గ్యాసు కూడా కలిసొస్తుంది. వారం అయ్యాక ఆయనకు ఏ పూట ఆకలి ఆగలేదో చెప్పు, ఆ పూటకే పప్పు పెంచుదాం.

అక్క