నాన్నగారి డయాలిసిస్‌కు తోడుగా వెళ్లేందుకు సెలవు, పనివేళల మార్పు కోరుతూ దరఖాస్తు

విశాఖపట్నం,
10 నవంబరు 2025

గౌరవనీయులైన అకౌంట్స్ మేనేజర్ గారికి,

విషయం: 18 నవంబరు 2025 నుంచి 17 ఫిబ్రవరి 2026 వరకు మంగళవారాల్లో పనివేళల మార్పు, శనివారాల్లో సగం రోజు సెలవు మంజూరు చేయవలసిందిగా విన్నపం.

అయ్యా,

మా నాన్నగారికి రెండు మూత్రపిండాలూ దెబ్బతిని, గత నెలలో ఆసుపత్రిలో చేర్పించినప్పటి నుంచి వారానికి మూడుసార్లు డయాలిసిస్ జరుగుతున్న సంగతి మీకు తెలుసు. ఆ రోజుల్లో అడిగినప్పుడల్లా కాదనకుండా మీరు సెలవు ఇచ్చారు. అందుకు మా ఇంటిల్లిపాదీ మీకు కృతజ్ఞులం. అయితే ఇది వారంలోనో నెలలోనో తీరే వైద్యం కాదని, మూత్రపిండ మార్పిడి జరిగితే తప్ప జీవితాంతం కొనసాగవలసినదని డాక్టర్లు స్పష్టంగా చెప్పారు. కాబట్టి ఏ రోజుకారోజు ఉదయం ఫోన్ చేసి సెలవు అడగడం మీకూ విభాగానికీ ఇబ్బందేనని గ్రహించి, నేను ఏ రోజు ఎన్ని గంటలకు వస్తానో, ఏ పని ఎప్పటికి పూర్తి చేస్తానో మీకు ముందే తెలిసి ఉండేలా ఒక క్రమాన్ని ఈ దరఖాస్తులో మీ ముందు ఉంచుతున్నాను.

నాన్నగారికి ఇంతవరకు మంగళ, గురు, శనివారాల్లో రెండో షిఫ్టులో, అంటే ఉదయం 11:30కి డయాలిసిస్ మొదలయ్యేది. అది ముగిసి ఇంటికి చేరేసరికి సాయంత్రమయ్యేది కనుక ఆ రోజుల్లో ఆఫీసుకు రావడం వీలుపడలేదు. ఇప్పుడు మొదటి షిఫ్టులో ఒక బెడ్ ఖాళీ అయింది. ఈ నెల 18వ తేదీ మంగళవారం నుంచి అవే మూడు రోజుల్లో ఉదయం 6:30కి నాన్నగారికి ఆ బెడ్ కేటాయించారు. డయాలిసిస్ నాలుగు గంటలు నడుస్తుంది. ఆ తరువాత బరువు, బీపీ చూసి, తలతిరుగుడు లేదని నిర్ధారించుకుని పంపడానికి మరో ముప్పావు గంట పడుతుంది. 11:15 ప్రాంతంలో మహారాణిపేటలో బయలుదేరితే 11:45కి మర్రిపాలెంలోని మా ఇంటికి చేరతాం. ఆయనకు అన్నం పెట్టి పడుకోబెట్టి 12:15కి నేను బయలుదేరితే, గాజువాకలోని మన ఆఫీసులో మధ్యాహ్నం 1:00కి నా కుర్చీలో ఉండగలను. ఈ క్రమమంతా ఆ మొదటి షిఫ్టు మీదే ఆధారపడి ఉంది. దానిని వదులుకుంటే అలాంటి సమయం మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేమని ఆసుపత్రివారు అన్నందున ఈ దరఖాస్తును ఆలస్యం చేయకుండా ఇస్తున్నాను.

నర్సులు, టెక్నీషియన్లు ఉండగా ఇంటి మనిషి ఎందుకన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. యంత్రం నడుస్తున్నంతసేపూ వారు చూసుకుంటారు, అందులో లోటేమీ లేదు. కానీ రోగితో పెద్దవారొకరు బయట అందుబాటులో ఉండాలన్నది అక్కడి నియమం. ఉన్నట్టుండి ఇంజక్షనో మందో అవసరమైతే కింద ఉన్న మందుల దుకాణం నుంచి తేవాలి, డాక్టరు ఏదైనా కొత్త చికిత్స చెబితే సంతకం చేయాలి. రెండు డయాలిసిస్‌ల మధ్య ఒంట్లో చేరిన నీటిని నాలుగు గంటల్లో లాగేయడం వల్ల కొన్నిసార్లు బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. మొన్న గురువారం మూడో గంటలో నాన్నగారికి అలాగే జరిగింది. ముందు ఆవులింతలు వచ్చాయి, తరువాత చెమటలు పట్టాయి, ఆ వెంటనే పిక్కలు పట్టేసి మంచం కమ్మీని గట్టిగా పట్టుకున్నారు. నర్సు వెంటనే తలవైపు దించి, నీరు లాగడం ఆపి, సెలైన్ ఎక్కించాక పది నిమిషాలకు తేరుకున్నారు. అలాంటి రోజున ఆయన నడిచి ఆటో ఎక్కలేరు. ఒకరు భుజం పట్టుకుని నిలబెట్టాలి, ఇంటికి వెళ్లాక కూడా మంచం దిగకుండా చూడాలి. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, పైగా కవిటి మండలంలోని మా ఊరు దాటి పట్నంలో తిరిగిన అలవాటు లేదు. ఉద్దానం వైపు ఇంటింటా ఈ జబ్బును చూస్తూ పెరిగినవాళ్లం కనుక, ఈ వైద్యంలో ఒక్కరోజు తప్పినా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ప్రాణం మీదకు వస్తుందన్న భయం మా ఇంట్లో అందరికీ ఉంది. పండుగైనా, వానైనా, బంద్ అయినా ఈ మూడు రోజులూ తప్పనివే.

ఈ భారమంతా నా ఒక్కడి మీదే లేదు. గురువారం బాధ్యత మా చెల్లెలు తీసుకుంది. తను బుధవారం సాయంత్రం అనకాపల్లి నుంచి వచ్చి, గురువారం నాన్నగారిని తీసుకువెళ్లి, మధ్యాహ్నం వరకు ఉండి వెళుతుంది. నా భార్య బడిలో ఉపాధ్యాయురాలు కనుక ఉదయం పూట వీలుపడదు గాని, సాయంత్రం మందులు, నీళ్ల కొలత, ఉప్పు తగ్గించిన వంట అన్నీ ఆమే చూసుకుంటోంది. కాబట్టి నాకు మిగిలేవి మంగళవారం, శనివారం మాత్రమే.

వాటికి నేను కోరుతున్న ఏర్పాటు ఇది.

మంగళవారం: మధ్యాహ్నం 1:00 నుంచి సాయంత్రం 6:00 వరకు ఆఫీసులో ఉంటాను. భోజన విరామం తీసుకోను. ఇందువల్ల తగ్గే పని మూడు గంటలు. దానికి బదులుగా సోమ, బుధ, శుక్రవారాల్లో 9:30కి కాక 8:30కే వచ్చి, రోజుకు ఒక గంట చొప్పున ఆ మూడు గంటలూ అదే వారంలో పూర్తి చేస్తాను. ఆ గంటలో బ్యాంకు స్టేట్‌మెంట్ల సరిచూపు, కొనుగోలు బిల్లుల నమోదు వంటి ఎవరితోనూ మాట్లాడే అవసరం లేని పనులు పెట్టుకుంటాను.

శనివారం: ఉదయం సగం రోజును నా ఆర్జిత సెలవుల నుంచి తగ్గించండి. ఆ రోజు కూడా మధ్యాహ్నం 1:00కి వచ్చి 6:00 వరకు పనిచేస్తాను. రెండో శనివారాలు మనకు ఎలాగూ సెలవు కనుక, ఈ మూడు నెలల్లో పది శనివారాలే లెక్కకు వస్తాయి. అంటే ఐదు రోజుల సెలవు. నా ఖాతాలో 22 ఆర్జిత సెలవులు ఉన్నాయి.

సోమ, బుధ, గురు, శుక్రవారాల్లో సాయంత్రం వేళల్లో ఎలాంటి మార్పూ ఉండదు.

మన విభాగంలో తేదీలు దాటితే జరిమానా, వడ్డీ పడే పనులు నా చేతిలో ఉన్నాయి కనుక ఈ మూడు నెలల క్యాలెండరును దగ్గర పెట్టుకుని చూశాను. జీఎస్టీఆర్-3బి చివరి తేదీ అయిన 20వ తేదీ డిసెంబరులో శనివారం, జనవరిలో మంగళవారం పడుతోంది. మూడో త్రైమాసికపు టీడీఎస్ రిటర్నుకు గడువైన జనవరి 31, టీడీఎస్ చెల్లింపుకు గడువైన ఫిబ్రవరి 7 కూడా శనివారాలే. ఈ నాలుగింటినీ చివరి తేదీ దాకా ఉంచకుండా డిసెంబరు 19న, జనవరి 19న, జనవరి 30న, ఫిబ్రవరి 6న పూర్తి చేస్తాను. జీఎస్టీ రిటర్ను దాఖలు చేసేటప్పుడు వచ్చే ఓటీపీ మీ ఫోనుకే వస్తుంది కనుక, డిసెంబరు 19, జనవరి 19 తేదీల్లో సాయంత్రం 4:00 నుంచి 5:00 వరకు మీరు అందుబాటులో ఉండగలిగితే చాలు. జీఎస్టీఆర్-1 గడువైన 11వ తేదీ, పీఎఫ్ గడువైన 15వ తేదీ ఈ మూడు నెలల్లో మంగళవారం గాని, శనివారం గాని రావడం లేదు.

ఆసుపత్రిలో వేచి ఉండే సమయంలో ల్యాప్‌టాప్ తెరిచి పనిచేస్తానని మాత్రం నేను మాట ఇవ్వలేను. నర్సు ఏ నిమిషంలో పిలుస్తారో తెలియని చోట లెక్కలు రాస్తే తప్పులు దొర్లుతాయి, వాటిని తరువాత వెతకడం మరింత పని. అయితే ఏ ఫైలు ఎక్కడుందో, ఏ చెక్కు ఎవరికి వెళ్లాలో అడగడానికి మీరు గాని, సహోద్యోగులు గాని ఫోన్ చేస్తే తప్పక సమాధానం చెబుతాను. నేను లేని ఉదయం పూట పంపిణీదారుల ఫోన్లు చూసుకోవడానికి నా పక్క సీటులోని సహోద్యోగి అంగీకరించారు. అందుకు ప్రతిగా ఆయనకు రావలసిన సరుకు వాపసు బిల్లుల పరిశీలనను నేను తీసుకుంటున్నాను. మీరు సరేనంటేనే ఈ మార్పును అమలులో పెడతాం.

ఇక రెండు సందర్భాలు ముందుగానే మీ దృష్టికి తేవాలి. ప్రస్తుతం నాన్నగారికి మెడ దగ్గర అమర్చిన గొట్టం ద్వారా డయాలిసిస్ జరుగుతోంది. ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ అయింది గాని, ఆ రక్తనాళం సూదులు గుచ్చడానికి తగినంత బలపడాలంటే ఇంకా కొన్ని వారాలు ఆగాలట. డిసెంబరు చివరిలో మొదలుపెట్టవచ్చని డాక్టరు అంచనా. మొదటి వారంలో సూది జారి చేయి వాచే అవకాశం ఉందని, సూదులు తీశాక రక్తం ఆగేవరకు వేలితో ఎంత ఒత్తి పట్టుకోవాలో ఇంటివారు నేర్చుకోవాలని చెప్పారు. ఆ ఒక్క వారం మాత్రం గురువారం కూడా చెల్లెలితో పాటు నేను ఉండడం అవసరం కనుక, ఆ ఉదయం అదనంగా సగం రోజు సెలవు కోరతాను. తేదీ తెలిసిన వెంటనే, కనీసం ఐదు రోజుల ముందుగా, మీకు రాతపూర్వకంగా తెలియజేస్తాను.

రెండోది అత్యవసరం. మెడలో గొట్టం ఉన్నంతకాలం చలిజ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలని హెచ్చరించారు. రాత్రివేళ ఆయాసం వచ్చినా అంతే. అలాంటప్పుడు ఉదయం 8:00 లోపు మీకు ఫోన్ చేస్తాను. ఆ రోజులను మిగిలిన ఆర్జిత సెలవుల నుంచి, అవి అయిపోతే జీతం కోతతో సెలవుగా లెక్కించడానికి నాకు సమ్మతమే.

డయాలిసిస్ రోజులు మార్చడం మా చేతిలో లేదు గాని, మంగళవారం కంటే గురువారం నేను ఆలస్యంగా రావడమే విభాగానికి అనుకూలమని మీరు భావిస్తే, చెల్లెలిని ఆ రోజు మార్చుకోమని అడగగలను. ఇంట్లో మాట్లాడే ఉంచాను, తనకు అభ్యంతరం లేదు. ఈ ఏర్పాటును మొదట జనవరి మొదటివారం వరకే మంజూరు చేసి, పని ఎలా సాగుతోందో చూసిన తరువాత పొడిగిస్తానన్నా అందుకు నేను సిద్ధమే. నా పరిస్థితి గురించి తోటివారికి చెప్పవలసి వస్తే దాచవలసిన అవసరం లేదు. నేను ఎందుకు ఆలస్యంగా వస్తున్నానో వారికి తెలిస్తేనే మంచిది.

మూత్రపిండ వైద్య నిపుణుల ధ్రువపత్రం, మొదటి షిఫ్టు కేటాయింపును చూపే డయాలిసిస్ కార్డు నకలు ఈ దరఖాస్తుకు జతచేశాను. 18వ తేదీ మంగళవారమే కొత్త షిఫ్టు మొదలవుతుంది కనుక, 14వ తేదీ శుక్రవారం లోపు మీ నిర్ణయం తెలిస్తే, ఆసుపత్రిలో ఆ బెడ్‌ను ఖాయం చేసుకుని, చెల్లెలికి కబురు చేయగలను. ఈలోగా ఏ విషయమైనా ముఖాముఖి మాట్లాడాలని మీరు అనుకుంటే, మీకు వీలైన వేళకు వచ్చి కలుస్తాను.

భవదీయుడు,
ఎం. రమేష్
సీనియర్ అకౌంటెంట్, పన్నుల విభాగం