మీ సభ్యత్వం రెన్యువల్: గడువు ఏప్రిల్ 30, గురువారం

16 ఏప్రిల్ 2026
సభ్యత్వ సంఖ్య 214

నమస్కారమండీ,

ఏప్రిల్ 2న మా నుంచి మీకొక రిమైండర్ వచ్చింది. అందులో ‘తక్షణమే చెల్లించగలరు’ అని ఉంది గానీ ఎప్పటిలోగా కట్టాలో, కట్టకపోతే ఏమవుతుందో లేదు. పైగా బకాయి నోటీసులా ఉందని ఇద్దరు ముగ్గురు సభ్యులు అన్నారు. నిజమే. ఆ జాబు పక్కన పెట్టేసి దీన్నే లెక్కలోకి తీసుకోండి.

సంగతి ఇదీ. మీ సభ్యత్వం మార్చి 31తో పూర్తయింది. మరో నెల రోజులు గ్రేస్ కింద కొనసాగుతోంది. ఏప్రిల్ 30, గురువారం అర్ధరాత్రితో అది రద్దవుతుంది. ఆ తర్వాత పొడిగింపు ఉండదు.

మీ రుసుము రాకపోవడానికి కారణం కూడా చూశాం. మీరు ఆటో పేమెంట్ పెట్టుకున్నారు. దానికి ఇచ్చిన కార్డు కాలపరిమితి ఫిబ్రవరిలో తీరిపోయింది, అందుకని మార్చి 31న డబ్బు కట్ కాలేదు. ఇలాంటప్పుడు చాలామందికి కట్టేశామనే ఉంటుంది. కొత్త కార్డు వచ్చినంత మాత్రాన పాత ఆటో పేమెంట్ దానంతటదే నడవకపోవచ్చు. ఈసారికి విడిగా కట్టి, వచ్చే ఏడాది కోసం కొత్త కార్డుతో మళ్ళీ పెట్టుకోండి.

రుసుము పోయినేడాది మీరు కట్టినంతే, పెంచలేదు. ఆలస్య రుసుమూ లేదు. ఇవాళ కట్టినా 30న కట్టినా మీ సభ్యత్వం 2027 మార్చి 31 వరకు ఉంటుంది. అంటే ఆగి కడితే కలిసొచ్చేదేమీ లేదు.

అన్నిటికంటే సులువు బ్యాంకు ట్రాన్స్‌ఫర్. పోయినేడాది కట్టిన ఖాతాకే పంపండి. రిమార్క్స్ దగ్గర ‘214 రెన్యువల్’ అని తప్పకుండా రాయండి. ఇంట్లోవాళ్ళ ఖాతా నుంచి, సంఖ్య లేకుండా వచ్చిన డబ్బు ఎవరిదో తేలక లెక్కల్లో ఆగిపోతుంది, కట్టినవాళ్ళకేమో మళ్ళీ రిమైండర్ వెళ్తుంది. మాకు ఎప్పుడు చేరిందన్నది కాదు, మీరు పంపిన తేదీయే లెక్క. కాబట్టి 30 రాత్రి పంపినా చెల్లుతుంది. రెండు పనిదినాల్లో రసీదు మెయిల్‌కి వస్తుంది. రాకపోతే ట్రాన్స్‌ఫర్ స్క్రీన్‌షాట్ ఈ మెయిల్‌కే జవాబుగా పంపండి. నగదు గానీ చెక్కు గానీ ఇవ్వాలంటే ఏప్రిల్ 25, శనివారం సమావేశానికి తీసుకురండి. ఆ తర్వాత ఇచ్చిన చెక్కు గడువులోగా క్లియర్ కాకపోవచ్చు.

మే 1 నుంచి టెలిస్కోప్ బుకింగ్ లాగిన్ పనిచేయదు, పరిశీలన రాత్రుల జాబితాలో మీ పేరు ఉండదు, వార్షిక సమావేశంలో ఓటు ఉండదు. తర్వాత ఎప్పుడైనా చేరవచ్చు, కాకపోతే కొత్త సభ్యులుగానే. ప్రవేశ రుసుము మళ్ళీ కట్టాలి, టెలిస్కోప్ అరువు కోసం వరుసలో చివర నిలబడాలి. ఇప్పుడు ఆ వరుసలో 11 మంది ఉన్నారు.

ఆ మాటకొస్తే, ఫిబ్రవరి 14న తీసుకెళ్ళిన 6 అంగుళాల డాబ్సోనియన్ మీ దగ్గరే ఉంది. రెన్యువల్ చేస్తే జూన్ 13 వరకు ఉంచుకోవచ్చు. చేయకపోతే మే 2, శనివారం సమావేశానికి తెచ్చివ్వాలి. 25, 10 మిల్లీమీటర్ల ఐపీస్‌లు రెండూ, ఫైండర్, రెండు మూతలూ ఉన్నాయో లేదో చూసుకోండి. ట్యూబును, బేసును విడదీసి తీసుకురండి. అద్దం మీద దుమ్ము కనిపించినా తుడవకండి. కాస్త దుమ్ముతో పోయేదేమీ లేదు, గుడ్డతో పడిన గీత మాత్రం పోదు.

ఉంచుకుంటేనే మాకు సంతోషం. మే 16 శనివారం అమావాస్య, ఆ రాత్రి మన పరిశీలన ఉంది. ఆగస్టు 12న కూడా అమావాస్యే. పెర్సీడ్ ఉల్కలు ఎక్కువగా రాలిపడేదీ 12, 13 తేదీల రాత్రుల్లోనే. వెన్నెల అడ్డు లేకుండా చూసే వీలు ఏటా దొరకదు.

ఒకేసారి కట్టడం కుదరకపోతే సగం ఏప్రిల్ 30 లోపు, మిగతా సగం మే 31 లోపు కట్టవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు, ‘రెండు విడతలు’ అని జవాబిస్తే చాలు. ఈ ఏడాదికి వద్దనుకుంటే ‘వద్దు’ అని ఒక్క మాట రాయండి, ఇక రిమైండర్లు రావు. ఈలోపే కట్టేసి ఉంటే మన్నించి, ఏ తేదీన కట్టారో చెప్పండి. మేమే వెతికి సరిచేస్తాం.

ఇట్లు,
సభ్యత్వ కార్యదర్శి
ఖగోళ పరిశీలన క్లబ్

ఫోన్‌కి వెళ్ళే మెసేజ్ (ఏప్రిల్ 27, సోమవారం, అప్పటికీ కట్టనివారికి మాత్రమే):

నమస్కారమండీ. మీ క్లబ్ సభ్యత్వం (సంఖ్య 214) ఈ గురువారం, ఏప్రిల్ 30 అర్ధరాత్రితో రద్దవుతుంది. రుసుము పోయినేడాదంతే. పంపేటప్పుడు ‘214 రెన్యువల్’ అని రాయండి. రెండు విడతల్లో కడతామన్నా సరే, చెప్పండి.