‘సింహగిరి శనివారం’ ధారావాహిక నిర్మాణ మార్గదర్శిని

విశాఖపట్నం, దాని పరిసరాలలోని క్షేత్రాల గురించి ప్రతి శనివారం ఉదయం 5 గంటలకు విడుదలయ్యే ఈ ధారావాహిక కోసం మన నలుగురం, అంటే రచన, వ్యాఖ్యానం, చిత్రీకరణ, ఎడిటింగ్ చూసేవారం, పాటించవలసిన పద్ధతులను ఇక్కడ రాస్తున్నాను. మనల్ని వినేవారిలో ఎక్కువమంది దీపం వెలిగించే వేళ ఫోను పక్కన పెట్టుకుని వింటారు. నిత్యపూజకు ఒక క్రమం ఉన్నట్లే వారికి మన భాగంలోనూ ఒక క్రమం అలవాటు కావాలి. అందువల్ల శీర్షికల వరుసను ఏ వారమూ మార్చరాదు.

పేర్లు

ప్రేక్షకులకు కనిపించే శీర్షికలో ముందు విషయం, తరువాత క్షేత్రం, చివర ధారావాహిక పేరు, భాగం సంఖ్య ఉండాలి. ఫోను తెరపై పొడవైన శీర్షిక చివర తెగిపోతుంది కాబట్టి విషయాన్ని చివరకు నెట్టకూడదు.

```
గిరి ప్రదక్షిణ ఎలా మొదలవుతుంది? | సింహాచలం | సింహగిరి శనివారం 017
```

‘ఏడాదికొక్క రోజే నిజరూప దర్శనం ఎందుకు?’ అన్న శీర్షిక సరైనదే, ఎందుకంటే అక్షయ తృతీయ నాడు తప్ప స్వామి చందనంలోనే ఉంటారన్నది అందరూ ఎరిగిన విషయం, దానికి మనం భాగంలో సమాధానం చెబుతాం. ‘ఈ రహస్యం తెలిస్తే మీ దశ తిరుగుతుంది’ వంటి శీర్షికలు మాత్రం ఎంత ఆదరణ తెచ్చినా మనకు వద్దు. థంబ్‌నెయిల్‌లో స్వామి ముఖం మీద అక్షరాలు పడకూడదు.

కంప్యూటరులో దాచే ఫైళ్లకు ఖాళీలు లేని ఆంగ్ల అక్షరాలు వాడాలి. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాస్తే ఫైళ్లు వాటంతట అవే క్రమంలో నిలుస్తాయి. ఏడాదికి 52 భాగాల చొప్పున రెండో ఏడాదిలోనే వంద దాటుతాం కాబట్టి భాగం సంఖ్యకు మూడు అంకెలు ఉండాలి.

```
SGS_E017_2026-07-25_giripradakshina_v02.mp4
```

పండుగల ప్రత్యేక భాగాలకు E బదులు S వాడి, విడిగా లెక్కించాలి. ఏ ఫైలుకూ final అని పేరు పెట్టవద్దు.

నిడివి, శీర్షికలు

ప్రతి భాగం 12 నిమిషాలు ఉండాలి, ఎట్టి పరిస్థితిలోనూ 13 దాటరాదు. గంటానాదం, శ్లోకంతో 40 సెకన్ల ప్రారంభం. 5 నిమిషాల ‘క్షేత్రకథ’. రెండున్నర నిమిషాల ‘పోతన పద్యం’. 2 నిమిషాల ‘సేవకుల మాట’. ఒక నిమిషం ‘ఈ వారం తిథులు’. 50 సెకన్ల మంగళం. నిడివి పెరిగితే క్షేత్రకథలో కోత వేయాలి గాని పద్యాన్ని తొందరపెట్టకూడదు.

క్షేత్రకథలో స్థలపురాణాన్నీ చరిత్రనూ కలిపి చెప్పవద్దు. ప్రహ్లాదుని కథ చెప్పేటప్పుడు ‘స్థలపురాణం ప్రకారం’ అనీ, సింహాచలంలోని శ్రీకృష్ణదేవరాయల 1516 నాటి శాసనం గురించి చెప్పేటప్పుడు ‘శాసనం ప్రకారం’ అనీ స్పష్టంగా పలకాలి. రెండింటికీ వాటి గౌరవం వాటికి ఉంది.

పద్యాలను భాగవతం సప్తమ స్కంధంలోని ప్రహ్లాద చరిత్ర నుంచి తీసుకుంటాం. ముందు పద్యం మొత్తం, తరువాత పదవిభాగంతో అర్థం, చివర మళ్లీ పద్యం. పద్యం పాతదైనా దాన్ని ఇతరులు పాడిన రికార్డింగు మీద వారికి హక్కులుంటాయి కాబట్టి, మన వ్యాఖ్యాత గొంతుతోనే చదవాలి.

సేవకుల మాటలో మాలలు కట్టేవారు, ప్రసాదం వండేవారు, మెట్లు ఊడ్చేవారు మాట్లాడతారు. నా దృష్టిలో ఈ ధారావాహికకు ప్రాణం ఇదే. వారి మాండలికాన్ని సరిదిద్దవద్దు, వారి అనుమతి లేకుండా ముఖం చూపవద్దు.

తిథుల విషయంలో అత్యంత జాగ్రత్త అవసరం. మన నమూనా భాగంలో ఒక ఏకాదశి ముగింపు వేళను నేను తప్పుగా రాశాను. ఉపవాసం ఉండే పెద్దలొకరు ఫోను చేసి చెప్పేదాకా ఎవరమూ గమనించలేదు. ఇకపై ఒకే పంచాంగం చూసి రాయాలి, రాసినవారు కాక మరొకరు సరిచూడాలి. ఆలయ ఉత్సవాల తేదీలను దేవస్థానం ప్రకటన నుంచే తీసుకోవాలి.

చిత్రీకరణ, గడువులు

గర్భాలయంలో చిత్రీకరణ చేయము. సింహాచలంలో తొలిపావంచా, మెట్ల దారి, గాలిగోపురం మనకు చాలు. బురుజుపేట శ్రీ కనకమహాలక్ష్మి అమ్మవారి ఆలయం వద్ద, పక్కవీధుల రద్దీ మొదలుకాక ముందే, తెల్లవారుజామున శబ్దాన్ని రికార్డు చేయాలి. మార్గశిర గురువారాల్లో అక్కడ భక్తులు కిక్కిరిసి ఉంటారు కాబట్టి ఆ దృశ్యాలను నెల ముందే సిద్ధం చేసుకోవాలి. సముద్ర తీరంలో మైకుకు గాలి తొడుగు తప్పనిసరి.

రచన ఆదివారానికి, రికార్డింగు మంగళవారానికి, ఎడిటింగ్ గురువారానికి పూర్తి కావాలి. శుక్రవారం సాయంత్రం నలుగురమూ కూర్చుని, ముందు తెర చూడకుండా ఒకసారి వినాలి, తరువాత చూస్తూ వినాలి. ఎవరైనా ఊరెళ్లవలసి వచ్చినా వారం తప్పకుండా, ఏ పండుగకూ చెందని రెండు పూర్తి భాగాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.