పటగోనియా కంటెంట్ వ్యూహం: కథకూ వ్యాపారానికీ పొంతన ఎంత?

కంటెంట్ మార్కెటింగ్ పేపర్, రెండో సెమిస్టర్ కోర్సువర్క్ నివేదిక

పరిధి, పద్ధతి

పటగోనియా కొండలెక్కేవాళ్లకు, సర్ఫింగ్ చేసేవాళ్లకు దుస్తులు, సామాన్లు అమ్మే అమెరికన్ కంపెనీ. ఇవాన్ షునార్డ్ 1973లో మొదలుపెట్టాడు. ఈ బ్రాండ్ ఏం చెబుతోంది, ఎవరికి చెబుతోంది, చెప్పినదాన్ని వ్యాపారంలో ఎంతవరకు పాటిస్తోంది అన్నవి ఈ నివేదికలో చూశాను. నా అంచనా ముందే చెబుతాను. ఈ బ్రాండ్ కథలు బాగా రాసినవే, కానీ జనం వాటిని నమ్మడానికి అసలు కారణం వేరే ఉంది: దాదాపు ప్రతి పెద్ద కథ వెనకా కంపెనీ ఏదో ఒకటి వదులుకుంది. లోపం ఫలితాలను కొలిచే దగ్గర కనిపిస్తుంది.

కంపెనీ బయటికి ప్రచురించిన ప్రకటనలు, కేటలాగు, వెబ్‌సైట్, వీడియోలు మాత్రమే నా ఆధారాలు. లోపలి అనలిటిక్స్ నా చేతిలో లేవు. అందుకే వ్యూస్, లైకులు చూసి వ్యూహం సక్సెస్ అనో ఫెయిల్ అనో తేల్చేయలేదు. ఒక వీడియోను లక్షలమంది చూశారంటే అది జనాన్ని చేరిందని అర్థం, అంతకుమించి ఏమీ రుజువు కాదు.

కథ ఎక్కడ మొదలైంది

పటగోనియా పెట్టకముందు షునార్డ్‌కు షునార్డ్ ఎక్విప్‌మెంట్ అనే కంపెనీ ఉండేది, దాని వ్యాపారం పిటాన్లు. రాతి పగుళ్లలో సుత్తితో దిగ్గొట్టే ఉక్కు మేకులవి. ఎక్కేవాళ్లు వాటిని కొట్టి, పీకి, మళ్లీ కొట్టడంతో రాళ్లు దెబ్బతినేవి. ఆ కంపెనీకి ఎక్కువ ఆదాయం తెచ్చేవి కూడా అవే. 1972 కేటలాగులో, పిటాన్లు రాయిని పాడుచేస్తున్నాయంటూ, రాతికి హాని లేకుండా ఎక్కడం గురించి 14 పేజీల వ్యాసం వేశారు. చేత్తో ఇరికించి చేత్తోనే తీసేసే అల్యూమినియం చాక్‌లను అందులోనే పరిచయం చేశారు. కొద్ది నెలల్లోనే పిటాన్ల గిరాకీ పడిపోయింది. చాక్‌లు తయారుచేసినంతసేపు పట్టకుండానే అమ్ముడయ్యాయి.

దీన్ని చాలామంది త్యాగం కథలా చెబుతారు. నాకు మాత్రం ఇది కంటెంట్ మార్కెటింగ్‌కు పక్కా ఉదాహరణగా కనిపిస్తుంది. కొనేవాడికి పనికొచ్చే విద్య నేర్పారు, ఆ విద్యకు కావలసిన వస్తువు పక్క పేజీలో పెట్టారు. అయితే వ్యాసం తమ పాత సరుకు మీదే తీర్పు చెప్పింది కాబట్టి పాఠకుడికి అనుమానం రాలేదు.

దగ్గరగా చూసిన ఒక ప్రకటన

2011 బ్లాక్ ఫ్రైడే రోజున న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో ‘ఈ జాకెట్ కొనకండి’, దాని కింద జాకెట్ బొమ్మ, ఆ కింద చాలా పొడవైన మ్యాటర్. ఏడాదిలో అందరూ షాపింగ్ మీద పడే రోజును ఎంచుకోవడంలోనే సగం పని అయిపోయింది.

మ్యాటర్‌లో అంకెలున్నాయి. ఈ ఒక్క జాకెట్‌కు 135 లీటర్ల నీళ్లు పట్టాయి. పాలిస్టర్‌గా మొదలై గోదాముకు చేరేసరికి దాదాపు 20 పౌండ్ల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిసింది, అంటే జాకెట్ బరువుకు 24 రెట్లు. 60 శాతం రీసైకిల్ చేసిన పాలిస్టర్‌తో చేసిన సరుకు గురించే ఇలా చెప్పారు. తమ మంచి ఉత్పత్తుల్లో ఒకదాన్నే ముందు పెట్టి ‘ఇది కూడా భూమికి భారమే’ అనడం ఇక్కడి నేర్పు. ‘మేం పర్యావరణ ప్రేమికులం’ అని ఎంత గట్టిగా అరిచినా ఈ అంకెలంత పని చేయదు.

ఇక పాఠకుడిని ఏం చేయమంటున్నారన్నది చూడాలి. వెబ్‌సైట్‌కు వచ్చి, తక్కువ కొంటాననీ, చిరిగితే బాగు చేయించుకుంటాననీ మాట ఇవ్వమన్నారు. ఇది మామూలు ‘ఇప్పుడే కొనండి’ బటన్ కాదు. కానీ అదే మ్యాటర్‌లో జాకెట్ ఏళ్ల తరబడి మన్నుతుందని కూడా చెప్పారు. అంటే కొనొద్దంటూనే ఎందుకు కొనాలో చెప్పారు. దీన్ని మోసం అననుగానీ, ఈ రెండు పనులూ ఒకే పేజీలో జరిగాయన్న సంగతి మూల్యాంకనంలో రాయకపోతే మనం బ్రాండ్‌కు ప్రచారం చేసిపెట్టినట్టే.

ఆ తర్వాత అమ్మకాలు పెరిగాయని, ప్రకటన ‘పని చేసిందని’ చాలాచోట్ల రాస్తుంటారు. ఈ వాదనను నేను ఒప్పుకోలేదు. కొత్త దుకాణాలు, ఆ రకం దుస్తుల ఫ్యాషన్, మార్కెట్ పరిస్థితి, వీటిని విడదీసి చూపకుండా పెరుగుదలంతా ఒక్క ప్రకటన ఖాతాలో వేయలేం.

చేతలు, చానళ్లు

మాటకు చేత తోడైన సందర్భాలు చాలానే ఉన్నాయి. బట్టలు ఎక్కడ, ఎలా తయారవుతున్నాయో చూపే ఫుట్‌ప్రింట్ క్రానికల్స్ అనే వెబ్‌సైట్‌ను 2007లో తెచ్చారు. పాత బట్టలు బాగుచేయించి వాడుకోమనే వోర్న్ వేర్ కార్యక్రమం తర్వాత వచ్చింది. ఇందులో హీరో కస్టమర్, ఆధారం అతుకులు పడ్డ పాత జాకెట్. నా దృష్టిలో కంపెనీ మొత్తం కంటెంట్‌లో ఇదే బలమైనది. 2016 బ్లాక్ ఫ్రైడే అమ్మకాలు మొత్తం, దాదాపు కోటి డాలర్లు, పర్యావరణ సంఘాలకు ఇచ్చేశారు. 2022లో షునార్డ్ కుటుంబం కంపెనీ యాజమాన్యాన్నే ఒక ట్రస్టుకు, ఒక లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించింది.

2020లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు ఆపేశారు. సొంత వెబ్‌సైట్, కేటలాగు, సినిమాలు, మెయిలింగ్ లిస్టు ఉన్న కంపెనీ కాబట్టి అలా ఆపగలిగింది. ఆ బలం లేని బ్రాండ్ ఇదే పని చేస్తే కొత్త కస్టమర్ల దారి మూసుకుంటుంది.

బలహీనతలు

పొడవైన వ్యాసాలు, డాక్యుమెంటరీలు ఎక్కువగా ఇప్పటికే నమ్మినవాళ్ల కోసమే. మొదటిసారి జాకెట్ కొనబోతూ ధర చూసి వెనక్కి తగ్గేవాడికి నదుల మీద డ్యామ్‌ల గురించిన సినిమా సమాధానం కాదు. ‘తక్కువ కొనండి’ అన్న మాట కూడా ఖరీదైన వస్తువు కొనగలిగినవాడికే హాయిగా వినిపిస్తుంది.

కొలతల సమస్య ఇంకా పెద్దది. కోర్సులో చదివిన మామూలు కేపీఐ, అంటే పనితీరును కొలిచే సూచిక, ‘కస్టమర్ ఎంత తరచుగా మళ్లీ కొంటున్నాడు’ అన్నది. పటగోనియాకు ఇది తలకిందులవుతుంది. అదే కస్టమర్ ప్రతి సీజన్‌కూ కొత్త జాకెట్ కొంటుంటే లెక్కల్లో లాభం, కథలో ఓటమి. వ్యూహం ఏది సాధించాలో కంపెనీయే తేల్చుకోకపోతే కంటెంట్ టీమ్ ఏ నంబర్ చూసి సంతోషించాలి?

సిఫార్సులు

ముందుగా రిపేర్‌కు వచ్చిన వస్తువులను, పాతవి మళ్లీ అమ్ముడైన వాటిని కొత్త అమ్మకాల పక్కన పెట్టి, ఆ నిష్పత్తిని ఏటా అందరికీ కనిపించేలా ప్రచురించాలి. కంటెంట్ చూసినవాళ్లలో ఎంతమంది రిపేర్ పేజీకి వెళ్లారో, ఎంతమంది నేరుగా కొత్త వస్తువు పేజీకి వెళ్లారో విడివిడిగా లెక్కించాలి. ధర దగ్గర ఆగిపోయేవాళ్ల కోసం, ఒక జాకెట్ ఎన్నేళ్లు మన్నింది, ఎన్నిసార్లు బాగు చేయించారు, ఏడాదికి ఖర్చు ఎంత పడింది అన్నది నిజమైన యజమానుల రసీదులతో చూపించే చిన్న వీడియోలు చేయాలి. వీటిని వోర్న్ వేర్ పేజీలో దాచకుండా కొత్త జాకెట్ పేజీలోనే, ధర పక్కనే పెట్టాలి.