హనుమకొండ చౌరస్తా దగ్గర బస: గదులు శుభ్రం, రోడ్డు వైపు మాత్రం తీసుకోవద్దు

ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. వెనక వైపు గది మొదటి రాత్రే దొరికి ఉంటే నాలుగు ఇచ్చేవాడిని.

వేయిస్తంభాల గుడి, రామప్ప చూపిద్దామని అమ్మానాన్నలను వెంటబెట్టుకుని పెళ్లిళ్ల రోజుల్లో వచ్చాం. మాకు మొదట ఇచ్చింది రెండో అంతస్తులో రోడ్డు వైపు గది. కిటికీ తీస్తే ఎదురుగా ఫంక్షన్ హాల్. సాయంత్రం దాని దీపాలు చూసి అమ్మ ముచ్చటపడింది. రాత్రి బరాత్ బయలుదేరాక ఆ ముచ్చట తీరిపోయింది. డీజే దరువుకు కిటికీ అద్దాలు కూడా అదిరాయి. పైగా ఆ కిటికీ తలుపు పూర్తిగా మూసుకోదు. పదకొండు దాటాక పాటలు ఆగాయి కానీ, లారీల హారన్లు మాత్రం ఆగలేదు.

గది మార్చమని కిందికి వెళ్లి అడిగితే, రాత్రి కౌంటర్‌లో ఉన్నతను ఫోను మీంచి తల ఎత్తకుండానే "సీజన్ సార్, అన్ని గదులూ ఇంతే" అన్నాడు. అది నిజం కాదు. పొద్దున డ్యూటీకి వచ్చిన అమ్మాయి మాట వినగానే రిజిస్టర్ తిరగేసి, మూడో అంతస్తులో వెనక వైపు గది ఇచ్చింది. అదనంగా ఏమీ అడగలేదు. రెండో రాత్రి ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. బుక్ చేసుకునేటప్పుడే ఫోను చేసి వెనక వైపు కావాలని గట్టిగా చెప్పండి.

గదులు ఊడ్చే వాళ్లకు పేరు పెట్టాల్సిన పని లేదు. నాన్న మోకాళ్ల నొప్పి గమనించి, చెప్పకుండానే బాత్‌రూములో ప్లాస్టిక్ స్టూలు వేసి వెళ్లారు.

దుప్పట్లు ఉతికినవే, నేల తళతళలాడుతోంది. తలగడల్లో ఒకటి కొబ్బరినూనె వాసన వేస్తే అడగగానే మార్చారు. బాత్‌రూములో కుళాయిల మీద ఉప్పునీటి తెల్లమరకలు ఉన్నాయి, అది మురికి కాదు. వేడినీళ్లు పొద్దున మాత్రమే వస్తాయి.

చోటు విషయంలో వంక లేదు. బస్టాండు, వేయిస్తంభాల గుడి రెండూ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. భద్రకాళి గుడికి ఆటోలో వెళ్లాం. రైల్లో వచ్చేవాళ్లు గమనించాల్సింది, వరంగల్ స్టేషన్ ఇక్కడికి పక్కనేమీ కాదు, ఆటో ఖర్చు లెక్కలో వేసుకోండి. కోట కూడా ఆ వైపే కాబట్టి, తిరుగు ప్రయాణం రోజు గది ఖాళీ చేసి, కోట చూసుకుని అటునుంచి అటే రైలెక్కడం మేలు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన రామప్ప ములుగు దారిలో డెబ్బై కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఎండ ముదరకముందే చేరాలంటే ఆరింటికల్లా బయలుదేరాలి. ఆ వేళకు హోటల్లో టిఫిన్ మొదలవదు. ముందురోజు చెబితే ఇడ్లీ పొట్లం కట్టి ఇస్తారు. చట్నీ కూడా అడిగి తీసుకోండి, మాకు పెట్టడం మరిచిపోయారు.