కేస్ స్టడీ జవాబు: భీమవరం మేత దుకాణం (15 మార్కులు)

కేసు: భీమవరం దగ్గర రొయ్యల మేత దుకాణం. ఏడాది అమ్మకాలు 3.65 కోట్లు, అన్నీ అరువే. రావలసిన బాకీలు 1.20 కోట్లు. నిల్వ 15 రోజులది. కంపెనీకి 30 రోజుల్లో కట్టాలి. ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ 12 శాతం. అమ్మకాలు పెరుగుతున్నా డబ్బు ఆడటం లేదని యజమాని గోడు.

సమస్య (3)
"దుకాణానికి కొరత అమ్మకాల్లో కాదు, వసూళ్లలో. కంపెనీకి కట్టే గడువుకీ రైతు దగ్గర డబ్బు వచ్చే రోజుకీ మధ్య దూరాన్ని ఓవర్‌డ్రాఫ్ట్ మోస్తోంది."
"డబ్బు చాలడం లేదు" అని రాస్తే అది యజమాని మాటే; ఒక్క మార్కు దాటదు.

విశ్లేషణ (7)
"వసూలు కాలం = బాకీలు ÷ అరువు అమ్మకాలు × 365 = 1.20 ÷ 3.65 × 365 = 120 రోజులు.
నగదు చక్రం = నిల్వ రోజులు + వసూలు కాలం − కంపెనీ గడువు = 15 + 120 − 30 = 105 రోజులు.
వనామీ రొయ్య పట్టుబడికి దాదాపు మూడు, నాలుగు నెలలు పడుతుంది. అప్పటిదాకా రైతు కట్టలేడు. వైట్ స్పాట్ తెగులు వచ్చి చెరువు ముందే పట్టేస్తే బాకీ ఇంకా వెనక్కి పోతుంది.
అరువు ఆపేస్తే రైతు పక్క కొట్టుకు వెళ్తాడు. నగదుకు రాయితీ ఇస్తే? 120 రోజుల అరువుకు వడ్డీ = 12 × 120 ÷ 365 = 3.95 శాతం. రాయితీ ఇంతకు మించకూడదు."

సూత్రం, అంకెల ప్రతిక్షేపణ, జవాబు మూడూ కనిపించాలి. 1.20ని కంగారులో 1.02గా దించుకున్నా సూత్రానికీ, ఆ తప్పు అంకెతోనే సరిగ్గా నడిపిన తర్వాతి మెట్లకూ మార్కులు వేస్తారు. ఒట్టి జవాబు అంకె రాసి అది తప్పయితే ఏమీ రాదు. ఇక్కడ స్వాట్ గళ్లు గీసేవాళ్లు చాలామంది. పేజీ నిండుతుంది, ఈ కేసుకు ఒరిగేది తక్కువ.

సిఫారసు (5)
"నగదు కొనుగోలుకు 3 శాతం రాయితీ. అమ్మకాల్లో మూడో వంతు నగదుకు మారుతుందని ఊహ. ఖర్చు: 121.67 లక్షల్లో 3 శాతం, 3.65 లక్షలు. బాకీల్లో 40 లక్షలు విడుదలై మిగిలే వడ్డీ 4.80 లక్షలు. నికర లాభం ఏడాదికి 1.15 లక్షలు. 4 శాతం ఇస్తే ఖర్చు 4.87 లక్షలు, నష్టమే.
మిగతావారికి చెరువు ఎకరాలను బట్టి అరువు పరిమితి. పాత బాకీ తీరందే కొత్త పంటకు మేత ఇవ్వకూడదు. గుమాస్తా నెలనెలా మొత్తం అమ్మకాల మీద వసూలు కాలం లెక్కించాలి. గురి 80 రోజులు. నగదు వాటా మూడో వంతుకు చేరకపోతే రెండో పంటకు రాయితీని తిరిగి చూడాలి."

"ఊహ" అనే మాట వదలకండి. అది లేకపోతే మూడో వంతు ఎక్కడిదని దిద్దేవారు అడ్డగీత పెడతారు. విశ్లేషణలో లేని కొత్త అంశం సిఫారసులో మొదటిసారి కనిపించినా అంతే: పై ఎకరాల పరిమితికి వైట్ స్పాట్ వాక్యమే ఆధారం.